మనిషికి రెండున్నర సీసాలు

(ఈ కథనంలోని ప్రభుత్వ నిర్ణయాలు, తేదీలు, కేటాయింపు అంకెలు నిజమైనవి. చోడవరం దుకాణంలోని సన్నివేశాలు, మాటలు, ఆర్డర్ల లెక్క, కంపెనీ ఉత్తరం మాత్రం అప్పటి పరిస్థితిని బట్టి కూర్చినవి. అందుకే అందులో ఎవరికీ పేర్లు లేవు.)

2021 మే నెల. ఆంధ్రప్రదేశ్ అంతటా మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. మే 5 నుంచి అదే పద్ధతి. చోడవరంలో కూరగాయల బళ్లు పదకొండున్నరకే సర్దేసేవారు. మందుల దుకాణాలకు మినహాయింపు ఉంది గనక, వీధిలో ఎత్తి ఉన్న షట్టర్లు వాటివే.

అక్కడి ఒక హోల్‌సేల్ మందుల దుకాణానికి ఒకాయన వచ్చాడు. గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలే రైతు. అన్నకు కరోనా తగ్గింది. ఇంటికొచ్చి వారం తిరక్కుండానే కంటి కింద వాపు, ముక్కులోంచి నల్లటి స్రావం. విశాఖలో ఆసుపత్రిలో చేర్చారు. బ్లాక్ ఫంగస్ అన్నారు.

"బాబూ, ఈ సూదిమందు ఎక్కడున్నా తెమ్మన్నారు. రోజుకి ఆరంట" అంటూ చీటీ ఇచ్చాడు.

చీటీ మీద లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ బి, 50 మిల్లీగ్రాములు అని ఉంది. యజమాని దాన్ని రెండుసార్లు చదివాడు. ఏళ్ల తరబడి వ్యాపారం చేస్తున్నా ఆ మందు ఆయన అరలో ఎన్నడూ లేదు. చోడవరంలో దాని అవసరం ఎవరికీ పడలేదు. కాలా అజార్ లాంటి జబ్బులకు, రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవాళ్లకు సోకే ఫంగస్‌లకు పెద్దాసుపత్రుల్లో వాడే మందది.

"ఆర్డరు పెడతాను. డబ్బు కట్టి వెళ్లండి. రెండ్రోజుల్లో కబురు చేస్తాను" అన్నాడు.

చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదు. రోజూ మందులు తెప్పించే మనిషికి అలవాటుగా వచ్చే మాట. కానీ ఆ వారంలో ఆ మాట ఎంత ప్రమాదమో ఆయనకు తెలియదు. తెలిసేలా ఆయనకు ఎవరూ ఒక ఉత్తరం ముక్క రాయలేదు.

అప్పటికి పైన జరుగుతున్నది వేరు. మే రెండో వారంలోనే కేంద్ర రసాయనాలు, ఎరువుల మంత్రిత్వ శాఖ ఆంఫోటెరిసిన్ బి మందును రాష్ట్రాలకు కేటాయించింది. ఆ కేటాయింపు మే 10 నుంచి 31 వరకు. ఉన్న సరుకును ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల మధ్య న్యాయంగా పంచే ఏర్పాటు రాష్ట్రాలు చేసుకోవాలని, మందు కోసం ఆసుపత్రులు ఎవరిని అడగాలో అందరికీ తెలిసేలా ప్రచారం చేయాలని, చేతిలో ఉన్న నిల్వను పొదుపుగా వాడాలని చెప్పింది. సరఫరా మీద జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ కన్నేసి ఉంచుతుందంది.

అంటే మందు నడిచే దారే మారిపోయింది. మామూలుగా కంపెనీ నుంచి డిపోకు, డిపో నుంచి స్టాకిస్టుకు, స్టాకిస్టు నుంచి దుకాణానికి వస్తుంది. ఇప్పుడు కంపెనీ నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి ఆసుపత్రికి. చోడవరం హోల్‌సేల్ దుకాణం ఆ దారిలో లేదు. ఆ సంగతి ఆ దుకాణానికి తెలియదు. అందుకే అది ఆర్డర్లు తీసుకుంటూనే ఉంది.

ఎన్ని సీసాలు ఉన్నాయో, ఎంతమంది ఉన్నారో చూద్దాం. మే 21న కేంద్రం అదనంగా 23,680 సీసాలు కేటాయించింది. అప్పటికి దేశంలో లెక్కకొచ్చిన రోగులు దాదాపు 8,848 మంది. గుజరాత్‌లో 2,281 మందికి 5,800 సీసాలు. మహారాష్ట్రలో 2,000 మందికి 5,090. మన రాష్ట్రంలో 910 మందికి 2,310. తెలంగాణలో 350 మందికి 890. ఈ నాలుగింట్లో ఏ రాష్ట్రం తీసుకుని భాగించినా వచ్చేది దాదాపు ఒకటే, మనిషికి రెండున్నర సీసాలు. లాబీయింగుకు గాని, రాష్ట్రం పెద్దదా చిన్నదా అన్నదానికి గాని అందులో చోటు లేదు. ఈ ఒక్క విషయంలో ఆ పంపకాన్ని నేను మెచ్చుకుంటాను. సూత్రం ఒక్కటే, అది అందరికీ కనిపిస్తోంది, ఎవరైనా లెక్క చూసుకోవచ్చు.

ఇప్పుడు డాక్టరు చీటీ వైపు రండి. ఈ మందు మోతాదు కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి 300 మిల్లీగ్రాములు. సీసాలో ఉండేది 50. అంటే రోజుకు ఆరు సీసాలు. అది వారాల తరబడి సాగే వైద్యం. మూడు వారాలకే 126 సీసాలు కావాలి. మనిషికి రెండున్నర అంటే సగం రోజు మోతాదుకు కూడా చాలదు. ఆంధ్రప్రదేశ్‌లోని 910 మందికీ ఈ లెక్కన ఒక్క రోజుకే 5,460 సీసాలు కావాలి. వచ్చినవి 2,310. తర్వాత మే 24న దేశం మొత్తానికి మరో 19,420, మే 26న ఇంకో 29,250 సీసాలు కేటాయించారు. 26 నాటికి రోగులు 11,717 మంది అయ్యారు. ఆ విడతలోనూ మనిషి వంతు అదే రెండున్నర దగ్గర ఉంది.

మే 26 కేటాయింపులో చూడాల్సిన సంగతి మరొకటి ఉంది. ఆ రోజు మన రాష్ట్రం పేరిట చూపిన రోగులు 768 మంది, వాటా 1,930 సీసాలు. తెలంగాణ పేరిట 744 మంది, వాటా 1,890. అయిదు రోజుల్లో అక్కడ రోగుల సంఖ్య రెట్టింపు దాటింది, వాటా కూడా అలాగే పెరిగింది. ఇక్కడ సంఖ్య తగ్గింది, వాటా కూడా తగ్గింది. అంటే సీసాలు నడిచింది రోగుల జాబితా వెంట. జాబితాకు ఎక్కని రోగికి దేశంలో ఎక్కడా వాటా లేదు. విశాఖ ఆసుపత్రిలో ఉన్న ఆ అన్న పేరు ఆసుపత్రి పంపే లెక్కలో ఉందో లేదో చూసుకోవడమే ఆ రోజు తమ్ముడు చేయగలిగిన అతి ముఖ్యమైన పని. అతను మాత్రం చోడవరంలో, అనకాపల్లిలో, విశాఖలో దుకాణాల చుట్టూ తిరుగుతున్నాడు.

సరుకు వెంటనే ఎందుకు రాలేదన్న ప్రశ్నకూ జవాబుంది. లైపోసోమల్ అనేది గబగబా తయారయ్యే మందు కాదు. ఆంఫోటెరిసిన్‌ను కంటికి కనిపించనంత చిన్న కొవ్వు గోళాల్లో ఇమడ్చాలి. గోళాలన్నీ ఒకే కొలతకు రావాలి. సూక్ష్మక్రిములు లేకుండా వడగట్టి, సీసాల్లో నింపి, గడ్డకట్టించి తేమ లాగేసి పొడిగా మార్చాలి. ఆ తర్వాత అందులో క్రిములు లేవని తేల్చే పరీక్షకే పద్నాలుగు రోజులు పడుతుంది. ఈ రోజు యంత్రం ఎక్కిన సరుకు వచ్చే వారం డిపోలో ఉంటుందని ఎవరూ మాటివ్వలేరు. మే నెలలో దేశీయ తయారీ 1,63,752 సీసాలు, జూన్‌లో 2,55,114 అవుతుందని ప్రభుత్వం చెప్పింది. మేలో మరో 3,63,000 సీసాలు దిగుమతి అవుతాయంది. అప్పటికి తయారీలో ఉన్న కంపెనీలకు తోడు హైదరాబాదు నాట్కోతో సహా మరో అయిదింటికి అనుమతి ఇచ్చారు. వాటి సరుకు జూలై నుంచి అన్నారు. చీటీ పట్టుకుని నిలబడ్డ మనిషికి జూలై ఎందుకు?

మళ్లీ చోడవరం దుకాణానికి వద్దాం. మే 22 ఉదయానికి ఆ యజమాని పుస్తకంలో ఏడు ఆర్డర్లున్నాయి. కలిపితే మూడు వందల సీసాలు. ఆయన వాటన్నిటినీ కంపెనీ డిపోకు పంపాడు. ఒక రాత్రి కూర్చుని చీటీలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, రోగి పేరు, ఆసుపత్రి నంబరు కలిసిపోతున్నాయి. ఏడు ఆర్డర్లు గాని రోగులు ముగ్గురే. తమ్ముడు ఒకటి పెట్టాడు, మేనల్లుడు ఇంకొకటి, ఊరి ఆర్ఎంపీ డాక్టరు మరొకటి. వాళ్లే అనకాపల్లిలోనూ పెట్టి ఉంటారు, విశాఖలోనూ. అందులో వాళ్ల తప్పేం లేదు. ప్రాణం మీదికొస్తే ఎవరైనా అన్ని తలుపులూ తడతారు. కానీ పైనున్న డిపోకు కనబడేది ముగ్గురు రోగులు కాదు, మూడు ఊళ్ల నుంచి వచ్చిన వందల సీసాల గిరాకీ. కొరత రోజుల్లో ఆర్డరు పుస్తకాన్ని నమ్మకూడదని చెప్పేది ఇందుకే. ఆర్డర్ల ప్రకారం పంచితే ఎక్కువ తలుపులు తట్టగల వాడికే ఎక్కువ దక్కుతుంది. అప్పు చేయలేని, బండి లేని, కర్ఫ్యూలో బయటికి రాలేని వాడికి ఏమీ దక్కదు.

అలాంటి వేళ డిపో నుంచి ఆ దుకాణానికి వెళ్లాల్సిన ఉత్తరం ఎలా ఉండాలి? "డిమాండ్ ఎక్కువగా ఉన్నందున సరఫరాలో జాప్యం జరుగుతోంది, సహకరించగలరు" అన్న మామూలు వాక్యం ఇక్కడ పనికిరాదు. ఆ వాక్యం చదివిన స్టాకిస్టు జాప్యమే కదా అనుకుని ఆర్డర్లు తీసుకుంటూనే ఉంటాడు. నా దృష్టిలో ఆ ఉత్తరం ఇలా ఉండాలి.

"అయ్యా, మీరు పంపిన ఏడు ఆర్డర్లు మాకు అందాయి. లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ బి ఇంజెక్షను మీకు ఒక్కటి కూడా పంపలేము. మే 31 వరకు మా సరుకు కేంద్రం కేటాయింపు ప్రకారం రాష్ట్రాలకే వెళుతోంది. ఏ స్టాకిస్టుకూ ఇవ్వడం లేదు, మీకు మాత్రమే కాదు. పాత బాకీల వల్లనో, కొనుగోలు తగ్గడం వల్లనో ఆపామని అనుకోవద్దు.

మీ ఏడు ఆర్డర్లనూ ఈ రోజుతో రద్దు చేస్తున్నాం. వరస క్రమంలో ఉంచడం లేదు. సరుకు మళ్లీ దుకాణాల దారిలోకి వచ్చిన రోజున కొత్తగా అడుగుదురు గాని. ఎవరి దగ్గరైనా ముందుగా డబ్బు తీసుకుని ఉంటే దయచేసి ఈ రోజే తిరిగి ఇచ్చేయండి. వాళ్లకు ఆ డబ్బు ఆసుపత్రిలో కావాలి.

రోగి బంధువులు వస్తే దుకాణాలు తిరగవద్దని చెప్పండి. మందు కోసం రాయాల్సింది చికిత్స చేస్తున్న ఆసుపత్రి. రోగి పేరు, ఆసుపత్రి నంబరు, బరువు, రోగ నిర్ధారణ, ఇప్పటివరకు ఎన్ని సీసాలు వాడారో రాసి జిల్లా అధికారులకు ఇండెంటు పంపించారో లేదో డాక్టరును అడగమనండి. ఎవరికి ముందు, ఎవరికి ఎన్ని అన్నది నిర్ణయించేది అక్కడే. మేము కాదు, మీరు కాదు.

పేరు దగ్గరగా ఉంది కదా అని మీ దగ్గరున్న మామూలు ఆంఫోటెరిసిన్‌ను దీనికి బదులుగా ఇవ్వకండి. దాని మోతాదు వేరు, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. డాక్టరు దాని పేరే విడిగా రాస్తే తప్ప అమ్మవద్దు.

జూన్ 1న మళ్లీ రాస్తాం. చెప్పడానికి కొత్త సంగతి లేకపోయినా, లేదనే రాస్తాం."

ఉత్తరంలోని మామూలు ఆంఫోటెరిసిన్ మాట గురించి కొంచెం ఆగి చెప్పాలి. కొరతలో మనుషులు చనిపోయేది మందు దొరక్క మాత్రమే కాదు, ఒక మందు బదులు ఇంకొకటి పడి కూడా. రెండు సీసాల మీదా ఆంఫోటెరిసిన్ బి అనే ఉంటుంది. కొవ్వు గోళాల్లో ఉన్నదాన్ని కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. మామూలు రకాన్ని, డీఆక్సీకొలేట్ అంటారు, కిలోకు ఒకటి ఒకటిన్నర మించి ఇవ్వకూడదు. చీటీలో 300 మిల్లీగ్రాములు అని ఉంది గదా అని మామూలు రకాన్ని అంతే ఎక్కిస్తే అది ప్రాణాంతకం. డాక్టరుకు ఈ తేడా తెలుసు. రాత్రి పది గంటలకు కౌంటరు దగ్గరున్న కుర్రాడికి తెలియకపోవచ్చు. అతని చేతికి అందే కాగితం ఈ ఉత్తరమే.

ఆ ఉత్తరం చేరాక దుకాణంలో ఏం జరిగేదో ఊహించడం కష్టం కాదు. యజమాని రైతుకు కబురు పెట్టేవాడు.

"డబ్బు తీసుకెళ్లండి. మందు నా దగ్గరకి రాదు."

"ఏటి బాబూ, మొన్న రెండ్రోజులన్నారు. ఒట్టి సేతుల్తో ఎల్లమంటారా?"

"మొన్న నాకూ తెలీదు. ఇదిగో, కంపెనీ వాళ్లు రాశారు. ఇక్కడికే కాదు, ఏ దుకాణానికీ రాదు. మీరు ఇంకెక్కడా తిరక్కండి. ఆసుపత్రికెళ్లి, మీ అన్న పేరు మీద ఇండెంటు వెళ్లిందా అని పెద్ద డాక్టరుని అడగండి. బరువు ఎంతో రాసి ఇవ్వమనండి."

"పేరు రాస్తే ఇస్తారా?"

"ఇస్తారని నేను చెప్పలేను. రాయకపోతే మాత్రం రాదు."

ఈ మాటల్లో ఓదార్పు లేదు. కానీ ఆ రైతుకు ఒక రోజంతా మిగిలేది. బండి పెట్రోలు, కర్ఫ్యూ పోలీసులకు చెప్పుకోవాల్సిన సంజాయిషీ, దళారి చేతిలో పడి మూడింతల ధరకు నకిలీ సీసా కొనే ప్రమాదం తప్పేవి. చికిత్సకు దాచుకున్న డబ్బు దుకాణం గల్లాలో కాకుండా అతని జేబులో ఉండేది. రాష్ట్ర ప్రభుత్వం ఆ నెలలోనే బ్లాక్ ఫంగస్‌ను ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఆ సంగతి కూడా అతనికి చేరాల్సింది ఇలాంటి చోటే.

మనిషికి రెండున్నర చొప్పున రాష్ట్రాలకు పంచడం సరే. అదే లెక్క ఆసుపత్రి దాకా తీసుకొస్తే ఏమవుతుంది? పదిమంది రోగులకు పాతిక సీసాలు. అందరికీ సమానంగా ఇస్తే ఏ ఒక్కరికీ ఒక రోజు మోతాదు పూర్తి కాదు. నలుగురికి ఆరు చొప్పున ఇస్తే ఆ నలుగురికి ఒక రోజు గడుస్తుంది, ఆరుగురికి సున్నా. ఆ నలుగురెవరు? ఢిల్లీ హైకోర్టు ముందుకు ఇదే ప్రశ్న వచ్చింది. జూన్ 1న జస్టిస్ విపిన్ సంఘీ, జస్టిస్ జస్మీత్ సింగ్‌ల ధర్మాసనం, ఉన్న మందు అందరికీ చాలనప్పుడు ఎవరికి ముందు ఇవ్వాలో ఒక విధానం తేవాలని కేంద్రానికి చెప్పింది. బతికే అవకాశం ఎక్కువ ఉన్నవారికి, చిన్న వయసువారికి ప్రాధాన్యం ఇవ్వాల్సి రావచ్చని, ఇలా చెప్పడం బాధగా ఉన్నా తప్పడం లేదని న్యాయమూర్తులు అన్నారు. ఇది వినడానికి కటువైన మాట. కానీ ఎవరో ఒకరు ఏదో ఒక ప్రాతిపదికన ఆ నిర్ణయం చేయక తప్పదు. వైద్యులు బయటికి చెప్పి చేయకపోతే, గుట్టుగా డబ్బో పలుకుబడో ఆ నిర్ణయం చేస్తుంది. ఆ భారం చోడవరం దుకాణదారు మీద పడకూడదు. "నిర్ణయించేది మేము కాదు, మీరు కాదు" అన్న వాక్యాన్ని ఉత్తరంలో నేను ముఖ్యంగా పెట్టింది అందుకే. అది బాధ్యత దులుపుకోవడానికి రాసింది కాదు. ఆ మాట కాగితం మీద లేకపోతే ఎమ్మెల్యే గారి మనిషి, పాత ఖాతాదారు, బంధువు అందరూ కౌంటరు ముందే నిలబడతారు.

అప్పటి పంపకంలో లోపమల్లా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. కేంద్రం రాష్ట్రాలకు రాసింది. ఆసుపత్రులు ఎవరిని అడగాలో ప్రచారం చేయమని కూడా రాసింది. మందు ఇక రాని దారిలో ఉన్న దుకాణాల గురించి మాత్రం పట్టించుకున్నవాళ్లు తక్కువ. రోగి కుటుంబం మొదట వెళ్లేది ఆ దుకాణానికే. సరుకు పంపుతున్నప్పుడు ఇన్వాయిస్ రాసే కంపెనీ, సరుకు ఆపినప్పుడు ఉత్తరం కూడా రాయాలి.

తర్వాత పన్నుల మాట వచ్చింది. మే 28న జీఎస్టీ మండలి సహాయంగా ఇచ్చేందుకు దిగుమతి చేసుకునే ఆంఫోటెరిసిన్‌పై పన్ను మినహాయించింది. జూన్ 12న 5 శాతం ఉన్న జీఎస్టీని సెప్టెంబరు 30 వరకు సున్నా చేసింది. కొరత కాలంలో ధర తగ్గించడం మంచిదే, కానీ అరలో లేని సీసాకు పన్ను తగ్గినా చీటీ పట్టుకున్న మనిషికి ఒరిగేది తక్కువ.

చోడవరం 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా మందుల దుకాణాలు అవే, వాటికి సరుకు వచ్చే దారీ అదే. రేపు ఇంకో మందుకు ఇలాంటి కొరత వస్తే డిపో మేనేజర్లను నేను అడిగేది ఇంతే. సరుకు ఆగిన రోజే మీ స్టాకిస్టులకు రాయండి. సంఖ్య సున్నా అయితే సున్నా అనే రాయండి. పంచే సూత్రం ఏమిటో, అది ఏ తేదీ వరకో, రోగి ఎక్కడికి వెళ్లాలో చెప్పండి. స్టాకిస్టులూ, ఆ ఉత్తరం అందిన రోజే ముందుగా తీసుకున్న డబ్బు వెనక్కి ఇచ్చేసి, ఉత్తరాన్ని కౌంటరు మీద అందరికీ కనిపించేలా అంటించండి.